సొర తినొచ్చా అప్పా?

నేను జోకులు చెప్పడంలో దిట్టను కాను. ఇంట్లో నేనొక జోకు మొదలుపెడితే పిల్లలు మెల్లగా లేచి పక్క గదిలోకి జారుకుంటారు. అలాంటి నా నోట ఒకే ఒక్క జోకు బాగా పండింది. వికారాబాద్ నుంచి తాండూరుకు పొద్దున రైల్లో పోయే గుంపు ఒకటి ఉండేది మాది. టీచర్లు, బ్యాంకు వాళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు. కొత్త మనిషి ఎవరు కలిసినా సరే, "అక్కా, గా సొరకాయ ముచ్చట జర చెప్పరాదు" అని నన్ను ముందుకు తోసేవాళ్లు. నేను కాసేపు బెట్టు చేసి, చెప్పను చెప్పను అంటూనే చెప్పేదాన్ని. ధారూర్ దాటేదాకా పెట్టెలో నవ్వులే నవ్వులు. ఆ నవ్వుల్లో అందరికంటే పెద్ద నవ్వు నాది. అది తలుచుకుంటే ఈరోజుకీ నా మీద నాకే రోత పుడుతుంది.

తాండూరులో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నర్సును నేను. కడుపుతో ఉన్నవాళ్లకు కార్డు రాయడం, బరువు చూడడం, ఐరన్ గోలీలు ఇవ్వడం, పుట్టిన పిల్లలకు టీకాలు వేయడం, బాలింతల ఇళ్లకు పోయి చూసి రావడం. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలో. నాకు నోరు పెద్దది, ఓపిక చిన్నది. ఈ మాట మా డాక్టరే నా మొహం మీద అన్నారు. నేనూ కాదనలేదు.

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు నన్ను "అప్పా" అని పిలిచింది. మాది కర్ణాటక అంచు. ఇక్కడ కన్నడం మాట్లాడేవాళ్లకు అప్ప అంటే తండ్రి. "నేను నీకు మీ నాయన లెక్క కొడుతున్ననా బిడ్డా?" అని గదమాయించాను. వరుసలో ఉన్న ఆడవాళ్లంతా కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి సిగ్గుపడిపోయి, "మావోళ్లు అక్కని అప్ప అంతారండి" అంది. వాళ్లది శ్రీకాకుళం వైపు, సముద్రం ఒడ్డు ఊరు. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పనికని వచ్చి, ఆ కాలనీలో కోస్తా వాళ్లు బోలెడుమంది ఉండటం చూసి, పని మానేసి సముద్రపు చేపలు అమ్మడం మొదలుపెట్టాడు. అత్త కూడా వీళ్లతోనే ఉండేది. నన్ను మొదటిసారి అప్పా అన్న రోజు నుంచీ ఆ అమ్మాయంటే నాకు ఒక ఇది. ఎందుకో చెప్పలేను. కొందరు వరుసలో నిలబడ్డా మనవాళ్లలాగే కనిపిస్తారు.

ఆ ప్రశ్న అడిగిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆరో నెల ఆమెకు. ఎండాకాలం. పక్కనే బండలు కోసే మిషన్లు, ఆ బూడిద రంగు దుమ్ము కిటికీల్లోంచి వచ్చి రిజిస్టర్ల మీద పేరుకునేది. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. నా ముందు ఇంకా ముప్పై మంది. నేను ఆమె కార్డు మీద బరువు రాస్తున్నాను, తల కూడా ఎత్తలేదు. అప్పుడు అడిగింది.

"అప్పా, సొర తినొచ్చా? మా అత్త ఇప్పట్నించే పెడతానంతాది. పాలు బాగా పడతాయంట."

"సొరనా? మంచిగ తిను. రోజు తిన్నా ఏం గాదు. చలువ చేస్తది, పాలు మస్తు పడతయి. పో, ఎన్కున్నోళ్లను రానియ్యి" అన్నాను.

అంతే. ఆ మూడు ముక్కలే. సొర అంటే మాకు సొరకాయ. ఇంకేముంటుంది? బాలింతకు సొరకాయ కూర పెట్టని ఇల్లు మా దిక్కున లేదు. మా అమ్మ నాకు పెట్టింది, నేను మా ఆడబిడ్డకు పెట్టాను. నేను సొరకాయకే అనుమతి ఇచ్చాను. ఆ అమ్మాయి ఊళ్లో సొరకాయను ఆనపకాయ అంటారని నాకు అప్పటికి తెలియదు. వాళ్లకు సొర అంటే చేప, అంతే.

ఆ సంగతి కాన్పు అయ్యాక తెలిసింది. ఆడపిల్ల పుట్టింది, మంచి బరువు, మంచి ఏడుపు. పదో రోజో పదకొండో రోజో చూడటానికి వాళ్ల ఇంటికి పోయాను. గుమ్మంలో అడుగు పెట్టగానే వెల్లుల్లి, పసుపు కలిసిన ఘాటైన చేప వాసన. అత్త ఒక గిన్నెలో తెల్లగా పొడిపొడిగా ఏదో వేపుతోంది. ఏమిటమ్మా అని అడిగాను.

"పాలసొర కదమ్మా. నువ్వే సెప్పినావంట, రోజూ తినమని. ఆరో నెల కాడ్నించి పెడతన్నాను నా కోడలికి" అంది అత్త గర్వంగా. "మా ఊళ్లో బాలింతరాలికి ఇదే మందు. దీని పేరులోనే పాలున్నాయి."

నేను గరిటె దగ్గరికి వంగి చూశాను. "గిది చేపనా? నేను సొరకాయ అనుకున్ననే!" అన్నాను. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుని ఒకటే నవ్వు. అత్త నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ అమ్మాయి పిల్లను ఒళ్లో పెట్టుకుని, కుట్లు నొప్పి పుడతాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. "పోనీలే, ఏదైతే ఏంది, చేప మంచిదే గదా, తిను" అని చెప్పి వచ్చాను. రెండోసారి కూడా నేనే తినమన్నాను. మొదటిసారి తెలియక అన్నాను, పోనీ. రెండోసారి గిన్నెలోకి చూసి, అదేమిటో తెలిసి అన్నాను.

వాళ్ల సొర అంటే షార్కు అని అప్పటికి అర్థమైంది, అది సముద్రంలో మిగతా చేపలను తిని బతికే జాతి అని కూడా నాకు తెలుసు. తెలిసీ నాకు ఏమీ తట్టలేదు. చేపలో మాంసకృత్తులు ఉంటాయి, గర్భిణులు చేపలు తినాలి, ఇవి మేం గోడల మీద అంటించే మాటలే కదా. మా తాండూరులో చేప అంటే చెరువు చేప, బొచ్చె, రవ్వ. వాటిలో పెద్ద తేడాలు ఏముంటాయి? చేప అంటే చేపే అనుకున్నాను.

ఆ జోకును రైల్లో తెగ అరగదీశాను. పిల్లకు ఆరు నెలలు వచ్చేదాకా అరగదీస్తూనే ఉన్నాను. వికారాబాద్‌లో ఒకసారి మాకు శిక్షణ పెట్టారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నర్సులంతా గుండ్రంగా కూర్చుంటే మళ్లీ మొదలుపెట్టాను. చేతులు తిప్పి, రెండు గొంతులు పెట్టి, ఆ అత్తలా కొంగుతో కళ్లు తుడుచుకుని. అందరూ నవ్వారు. ఎదురుగా పెరుగన్నం తింటున్న పిల్లల డాక్టరు ఒకావిడ నవ్వలేదు. ముద్ద చేతిలోనే పెట్టుకుని నన్ను చూసింది.

"ఎన్నో నెల నుంచి తిన్నదన్నరు?"

"ఆరో నెల మేడం."

"వారానికి ఎన్నిసార్లు?"

నేను ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాను. "వాళ్లాయన చేపల దుకాణం మేడం. అమ్ముడుపోని ముక్క ఇంటికే. మూడు నాలుగుసార్లన్న తింటరు. సొర లేనిరోజు తూరనో, కొమ్ముకోనమో."

"ఇప్పుడు గూడ తింటున్నదా? పిల్లకు పాలిస్తూ?"

"తింటున్నది మేడం."

ఆవిడ ముద్దను గిన్నెలో వదిలేసి, గిన్నెను ఠక్కున కింద పెట్టింది. ఆ గిన్నె చప్పుడుకు నవ్వేవాళ్లు కూడా ఆగిపోయారు. తర్వాత నన్ను పక్క గదిలోకి పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

పాదరసం అంది. "థర్మామీటర్ల ఉండేదే గదా మేడం, అది చేపలకెట్ల పోతది?" అని అడిగాను. బొగ్గు కాల్చిన పొగలోంచి, గనుల్లోంచి, ఇంకా ఎన్నెన్నో దారుల్లో గాలిలోకి, నీళ్లలోకి చేరుతుందట. నీళ్ల అడుగున ఉండే కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని ఇంకో రూపంలోకి మార్చేస్తాయట. ఆ రూపం ఒంట్లోకి వెళ్తే తొందరగా బయటికి రాదు. చిన్న చేప కొంచెం తింటుంది. దాన్ని తినే చేప అలాంటివి వందలు తింటుంది. వాటిని తినే చేప ఏళ్ల తరబడి బతుకుతుంది, ఏళ్ల తరబడి పోగు చేసుకుంటుంది. అందుకే సొర, ముక్కు కత్తిలా పొడుచుకొచ్చే కొమ్ముకోనం, పెద్ద తూర, అంటే డబ్బాల మీద ట్యూనా అని రాసి ఉండేది, వీటిలోనే ఎక్కువ. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్నవాటిలో చాలా తక్కువ.

"శుభ్రంగ కడిగి, ఉప్పు పట్టించి వేపుతరు మేడం" అన్నాను, ఏదో ఒక సందు దొరుకుతుందేమోనని.

"కొవ్వులో ఉంటే తీసేయొచ్చు, చర్మంలో ఉంటే ఒలిచేయొచ్చు. అది కండలోనే ఉంటది అక్కా. ఉడికించినా, వేపినా, ఎండబెట్టినా పోదు" అంది.

మిగతా మాటలు నేను రాసుకున్నాను. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు, చిన్న పిల్లలు, వీళ్లు సొర, కొమ్ముకోనం ముట్టకూడదు. పెద్ద తూర, పెద్ద వంజరం తగ్గించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు అప్పుడప్పుడు తింటే భయం లేదు, రోజూ అయితే వాళ్లకీ మంచిది కాదు. ఆ పాదరసం తల్లి రక్తంలోంచి మాయ దాటి కడుపులో బిడ్డకు చేరుతుంది. అప్పుడప్పుడే తయారవుతున్న మెదడు మీద పనిచేస్తుంది. మాట, జ్ఞాపకం, ధ్యాస, చేతి వేళ్ల పనితనం, ఇలాంటివి కొంచెం కొంచెంగా దెబ్బతినొచ్చు. దెబ్బతినకనూ పోవచ్చు.

"నువ్వు పొయ్యి చేపలే వద్దని చెప్పకు మళ్ల" అంది ఆవిడ. "చేప పిల్ల మెదడుకు మంచిదే. చిన్న చేపలు, చెరువు చేపలు తినమను. పాలు మాన్పించకు. పెద్ద చేపలు ఆపితే చాలు, రెండు నెలలకు ఒంట్లో ఉన్నది సుమారుగా సగం తగ్గుతది, మల్ల రెండు నెలలకు అండ్ల సగం."

"మరి కడుపుల ఉన్నప్పుడు తిన్నది మేడం?"

ఆవిడ కిటికీ వైపు చూసింది. "దానికి మందు లేదక్కా. పిల్లను చూసుకుంట పోవుడే."

మర్నాడు రైల్లో నన్ను ఎవరో జోకు చెప్పమన్నారు. తలనొప్పిగా ఉందని కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. తాండూరులో దిగి నేరుగా వాళ్ల ఇంటికి పోయాను. దారంతా ఒకటే అనుకున్నాను, తప్పు నాదని చెప్పాలి, సూటిగా చెప్పాలి. గుమ్మంలో ఆ పిల్ల తల్లి ఒళ్లో కూర్చుని నన్ను చూసి బోసినోటితో నవ్వింది. నా నాలుక మడత పడింది.

"పై నుంచి కొత్త ఆర్డరొచ్చింది బిడ్డా. పాలిచ్చేటోళ్లు సొర, కొమ్ముకోనం, తూర తినొద్దంట" అన్నాను.

ఆర్డరు! ఎవరిచ్చారు ఆర్డరు? నా పిరికితనమే ఇచ్చింది. ఆ అమ్మాయి మొహం మాడింది. "మరి అప్పుడు తిన్నాను కదప్పా, ఏటవుతాది?" అని అడిగింది. "ఏం గాదు, ఇప్పట్నించి మానెయ్యి" అన్నాను. అది రెండో అబద్ధం. ఏమవుతుందో నాకు తెలియదు, అయినా తెలిసినట్టు చెప్పాను.

ఆ ఆదివారం భర్త దుకాణం దగ్గరకు కూడా పోయాను. ఐసు డబ్బాల మధ్య కత్తి పట్టుకుని నిలబడి, కొమ్ముకోనం చక్రాలు కోస్తున్నాడు. నేను చెప్పింది విని కత్తి పక్కన పెట్టాడు. "నా పొట్ట మీద కొడతారేటి నర్సమ్మా? ముళ్లు నేని సేపని పిల్లలకి పెట్టడానికి ఇదే అడుగుతారు అందరూ" అన్నాడు. "అదే వద్దంటున్న, చిన్న పిల్లలకు పెట్టొద్దు" అన్నాను. వండితే పోదా అని అతనూ అడిగాడు. నేను అడిగిన ప్రశ్నే. డాక్టరు చెప్పినట్టే చెప్పాను. మనిషి మంచివాడు. రెండు వారాలు పోయాక అటు పోతుంటే వినిపించింది, కొనడానికి వచ్చిన ఒకాయనను అడుగుతున్నాడు. "ఇంట్లో కడుపుతో ఉన్నోళ్లున్నారేటి బాబూ? ఉంటే నెత్తళ్లట్టుకెల్లు, ఇది వద్దు." నాకు ఏడుపొచ్చింది. అంత చిన్న మాట ఆ కరెంటు లేని రోజున నేను అడగలేకపోయాను, ఏం సొర బిడ్డా అని.

ఆ తర్వాత రెండేళ్లు నాకు వచ్చిన రోగం ఏమిటో ఎవరికీ చెప్పుకోలేదు. అంగడిలో సొరకాయలు కనిపిస్తే పక్క సందులోంచి పోయేదాన్ని. ఇంట్లో వండటం మానేశాను, ఎందుకని అడిగితే గ్యాస్ చేస్తుందని చెప్పాను. కేంద్రంలో ఎవరైనా "అక్కా, ఫలానాది తినొచ్చా?" అని అడిగితే చాలు, "అంటే ఏంది? ఎట్లుంటది? చెట్టుకు కాస్తదా, నీళ్లల్ల ఉంటదా?" అని పదిసార్లు అడిగి వాళ్లను పరేషాన్ చేసేదాన్ని. నర్సమ్మకు చెవుడొచ్చిందని అనుకున్నారు. పనిలో ఉండగా, ఏ ఇంజెక్షనో ఎక్కిస్తుండగా, నా గొంతే నా వెనక నుంచి వినిపించేది. రోజు తిన్నా ఏం గాదు. ఒకసారి గిరుక్కున వెనక్కి తిరిగి చూశాను కూడా. గోడ తప్ప ఎవరూ లేరు.

పిల్ల ఎదుగుదల మీద నాకున్నంత కన్ను ఆ తల్లికి కూడా లేదేమో. టీకా ఒక్కటి ఉంటే నాలుగుసార్లు పోయేదాన్ని. బోర్లా పడింది, కూర్చుంది, నడిచింది. కాస్త ఆలస్యంగానే, అయినా నడిచింది. హమ్మయ్య అనుకున్నాను. తాత తాత అనాల్సిన వయసు దాటింది. అనలేదు. ఏడాదిన్నర దాటింది. రెండేళ్లు దాటింది. పిలిస్తే చూస్తుంది, నవ్వుతుంది, నా చేతి గడియారం పట్టుకుని లాగుతుంది. మాట లేదు. చాక్లెట్ కాగితం విప్పబోతే వేళ్లు జారిపోతాయి. నేను ఆ వేళ్ల వైపు చూడలేక రిజిస్టరులో తల దూర్చేదాన్ని.

అత్త మాత్రం కారణం కనిపెట్టేసింది. ఏడో నెలలో గ్రహణం పట్టిన రోజు కోడలు కత్తిపీట ముందు కూర్చుని చేప కోసిందట. అందుకే పిల్ల నాలుక కట్టేసుకుందట. నా ముందే అనేది. "సెప్తే ఇన్నాదా? గ్రహణం నాడు సేప కోసినాది. ఇప్పుడేడిస్తే ఏటొస్తాది?" ఆ అమ్మాయి మొదట్లో కాదని వాదించేది. తర్వాత వాదించడం మానేసింది. నమ్మేసిందని అర్థమైంది నాకు. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. గ్రహణానికీ మాటకీ సంబంధం లేదమ్మా అని ఒక ముక్క పడేసి వచ్చేశాను. సంబంధం ఉన్న సంగతి మింగేశాను.

వికారాబాద్‌లో ఆ డాక్టరు మళ్లీ కనిపించినప్పుడు పిల్ల సంగతి చెప్పాను. ముందు చెవులు పరీక్ష చేయించాలంది. మాట రాకపోవడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి, ఫలానా దాని వల్లే అని ఎవరూ చెప్పలేరంది. "తెలుసుకునే దారే లేదా మేడం?" అని పట్టుబట్టాను. నాకు కావలసింది ఒక్కటే, అవునో కాదో.

"జుట్టులో ఉంటది" అంది ఆవిడ. "ఒంట్లో పాదరసం ఉన్నప్పుడు పెరిగిన వెంట్రుకలోకి గూడ పోతది, అట్లనే ఉండిపోతది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతది గదా. తల్లి జడ పొడుగ్గ ఉంటే, కడుపుతోని ఉన్న నెలలది కింది భాగంలో ఉంటది. పెద్ద ల్యాబుల్ల చూస్తరు. పిల్లకు దీంతోనే అయ్యిందని అప్పుడు గూడ చెప్పలేం. తల్లి ఒంట్లో ఎంత ఉండెనో తెలుస్తది, అంతే."

ఆ మాట పట్టుకుని తాండూరుకు పరుగెత్తాను. ఆ అమ్మాయికి నడుము దాటే జడ. ఆ జడలో ఆ నెలలన్నీ ఉన్నాయి, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. తలుపు తీసింది. నున్నగా గుండు. చందనం ఆరిపోయి పగుళ్లు తేలి ఉంది.

"కొండకెల్లొచ్చినామప్పా. పాపకి మాటొస్తే సాలు, నా తల నీలాలిత్తానని మొక్కుకున్నాను. మాటొచ్చినాకే ఇవ్వాలంట గాని, నానే ఆగలేక ముందే ఇచ్చేసినాను" అంది, గుండు తడుముకుంటూ, చిన్నగా నవ్వుతూ.

నేను గడప మీద కూలబడ్డాను. ఏమైందప్పా అంటూ నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు పట్టుకుని, తాగకుండా, మొత్తం చెప్పేశాను. తల ఎత్తకుండా కార్డు మీద రాస్తూ చెప్పిన మాట. గిన్నెలోకి చూసి కూడా తినమన్న మాట. ఆర్డరు వచ్చిందన్న అబద్ధం. "నువ్వు గ్రహణం నాడు చేప కోసినందుకు గాదు బిడ్డా. నేను తెలివి లేకుండ తినమన్న. తప్పు నాది. కానీ పిల్లకు గట్లయింది దాంతోనేనా అంటే, ఒట్టేసి చెప్తున్న, తెల్వది. డాక్టరుకు గూడ తెల్వది" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామని కూర్చున్నాను.

"అయితే నా వల్ల కాదా అప్పా?" అంది.

నేను జవాబు చెప్పేలోపే ఏడ్చేసింది. ఆ ఏడుపులో కోపం లేదు, ఎవరో నెత్తి మీది మూట దించినట్టు ఏడ్చింది. తెలియదు అన్న మాట ఆమెకు వినపడనే లేదు. వినపడనివ్వలేదు. కళ్లు తుడుచుకుని లోపలికి తిరిగి గట్టిగా పిలిచింది. "అత్తా, ఇలగ రా. అప్ప ఏటో సెప్తాదంట, నువ్వు ఇనాలి."

నాతో మెల్లగా అంది. "ఏడాదైనాది అప్పా నన్నంటా. ఇప్పుడు నాతో సెప్పిందే, ఆవిడితో సెప్పు."

చాటుగా చెప్పి ఏడిస్తే సరిపోతుందని వచ్చినదాన్ని. అత్త పిల్లను చంకనేసుకుని వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అత్త చివరిదాకా వింది. అంతా అయ్యాక పిల్ల నోటి చుట్టూ కొంగుతో తుడిచింది, ఏమీ అంటుకుని లేకపోయినా.

"నువ్వు తినమన్నావు. ఇది తిన్నాది" అంది. తర్వాత తన రెండు చేతులూ చూసుకుంది. "మరి వండిందెవులమ్మా? ఇది సాలు సాలంతంటే కంచంలో ఏసిందెవులు? నానే కదా."

నేనూ కోడలూ ఆమె చేయి పట్టుకోబోయాం. ఆమె పట్టుకోనివ్వలేదు. "ఇది మాటాడతాదా?" అని నన్ను అడిగింది.

"తెల్వదమ్మా" అన్నాను. ఏం గాదు అని చెప్పిన రోజునే ఆ ఇంట్లో చెప్పవలసిన ముక్క అది.

చెవులు బాగానే ఉన్నాయని తేలింది. ఇప్పుడు ప్రతి మంగళవారం ఆ పిల్లకు మాటలు నేర్పించడానికి వికారాబాద్ తీసుకొస్తారు. నేను ఆ రోజు సెలవు పెట్టి స్టేషన్‌లో వాళ్లకోసం నిలబడతాను. అత్త కిటికీ దగ్గర కూర్చుని, దారి పొడవునా కనిపించినవన్నీ పిల్లకు చూపిస్తూ పేర్లు చెబుతుందట, ఇది ఆవు, ఇది సెట్టు, ఇది బండ. గ్రహణం మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదని ఆ అమ్మాయి చెప్పింది. పిల్ల మాట కూడా ఇంకా వినపడలేదు.